తలసీమియా: గ్లోబిన్ జన్యువులలో మార్పులు, వ్యాధి తీవ్రతలో తేడాలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు.

• బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క క్షారం మారితే గొలుసు తయారీ ఎందుకు పడిపోతుందో
• తలసీమియాలో హాని చేసేది తక్కువైన గొలుసు కంటే, జత దొరకక మిగిలిపోయిన గొలుసు అని ఎందుకు అంటామో
• ఒకే ఉత్పరివర్తనం ఉన్న ఇద్దరు తోబుట్టువులలో వ్యాధి తీవ్రత ఎందుకు వేరుగా ఉండగలదో
• రక్త పరీక్ష నివేదికలో వాహకుల్ని ఎలా గుర్తించాలో, ఎక్కడ పొరబాటు జరుగుతుందో

9.1 పరిచయం

గంపలగూడెం, తిరువూరు ప్రాంతంలో పుట్టిన ఒక బిడ్డను ఊహించుకోండి. పుట్టినప్పుడు బరువు బాగానే ఉంది. అయిదారు నెలలు చక్కగా పెరిగింది. ఆ తరవాత పాలిపోవడం, పాలు సరిగా తాగకపోవడం, పొట్ట ఉబ్బడం మొదలయ్యాయి. పరీక్ష చేస్తే హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 5 గ్రాములే ఉంది. డాక్టరు తలసీమియా అన్నారు. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు, ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు. అయితే ఇది ఎక్కడి నుంచి వచ్చింది? పుట్టగానే కనిపించకుండా ఆరు నెలల తరవాతే ఎందుకు బయటపడింది?

ఇంకో ప్రశ్న కూడా ఉంది. అదే పేరున్న జబ్బుతో ఒకరు నెలనెలా రక్తం ఎక్కించుకుంటూ బతుకుతారు. మరొకరు రక్తం అవసరం లేకుండానే పెద్దవారై పెళ్ళి చేసుకుంటారు. ఇంకొకరికి తమలో ఆ జన్యువు ఉన్నట్టే తెలియదు. ఈ తేడా అదృష్టం వల్ల వచ్చింది కాదు. చాలావరకు దానిని లెక్క కట్టి చెప్పవచ్చు. ఆ లెక్క ఎలా కట్టాలో ఈ భాగంలో నేర్చుకుంటాం.

9.2 హీమోగ్లోబిన్: రెండు రకాల గొలుసుల జత

పెద్దవారి ఎర్ర రక్తకణాలలో ఉండే ప్రధాన హీమోగ్లోబిన్‌ను హీమోగ్లోబిన్ ఎ అంటారు. అందులో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. ఒక్కో గొలుసులో ఒక్కో హీమ్ ఇమిడి ఉంటుంది. ఆక్సిజన్‌ను పట్టేది హీమ్‌లోని ఇనుము.

ఆల్ఫా గొలుసుకు సంబంధించిన జన్యువులు 16వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. ఒక్కో క్రోమోజోమ్ మీద రెండు చొప్పున, మనకు మొత్తం నాలుగు ఆల్ఫా జన్యువులు ఉంటాయి. బీటా జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఒకటే ఉంటుంది. కాబట్టి మనకు ఉన్న బీటా జన్యువులు రెండే. సంఖ్యలో ఇంత తేడా ఉన్నా, ఆరోగ్యవంతుడి ఎముక మజ్జలో ఆల్ఫా, బీటా గొలుసులు దాదాపు సమానంగా తయారవుతాయి. ఒక గొలుసు తయారైన వెంటనే దానికి జత దొరుకుతుంది. మిగులు దాదాపు ఉండదు.

బీటా జన్యువు ఉన్న 11వ క్రోమోజోమ్ మీదనే దానికి దగ్గరలో గామా జన్యువులు కూడా ఉంటాయి. గర్భస్థ శిశువులో బీటాకు బదులు ఈ గామా గొలుసులే ఆల్ఫాతో జత కడతాయి. అలా ఏర్పడేది గర్భస్థ హీమోగ్లోబిన్, అంటే హీమోగ్లోబిన్ ఎఫ్. పుట్టిన తరవాత గామా తయారీ క్రమంగా తగ్గి, బీటా తయారీ పెరుగుతుంది. మొదటి ఏడాది ముగిసేలోగా ఈ మార్పిడి చాలావరకు పూర్తవుతుంది. పెద్దవారిలో హీమోగ్లోబిన్ ఎఫ్ సాధారణంగా 1 శాతం లోపే ఉంటుంది.

9.1లో అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. బీటా జన్యువులు రెండూ చెడిపోయిన బిడ్డ కూడా ఆరోగ్యంగానే పుడుతుంది, ఎందుకంటే అప్పటికి పని చేస్తున్నది గామా. గామా తగ్గి బీటా వంతు వచ్చేసరికి లోపం బయటపడుతుంది. బీటా తలసీమియా మేజర్ లక్షణాలు సాధారణంగా 6 నెలల నుంచి 2 ఏళ్ళ లోపు కనిపించడానికి కారణం ఇదే.

9.3 ఒక క్షారం మారితే ఏమవుతుంది?

బీటా తలసీమియాకు దారితీసే ఉత్పరివర్తనాలు ప్రపంచవ్యాప్తంగా కొన్ని వందలు ఉన్నాయి. అయితే భారతదేశంలో ఎక్కువమంది రోగులలో కనిపించేవి కొద్ది రకాలే. వాటిలో మొదటి స్థానంలో ఉన్నది, మన తెలుగు ప్రాంతాలలోనూ ఎక్కువగా కనిపించేది, ఐ.వి.ఎస్. 1-5 అనే ఉత్పరివర్తనం. జన్యు పరీక్ష నివేదికలో ఇది HBB:c.92+5G>C అని ఉంటుంది. దీనిని కాస్త వివరంగా చూద్దాం.

బీటా జన్యువులో మూడు ఎక్సాన్లు, వాటి మధ్య రెండు ఇంట్రాన్లు ఉంటాయి. జన్యువు నుంచి మొదట తయారయ్యే ఆర్.ఎన్.ఎ.లో ఇవన్నీ ఉంటాయి. తరవాత ఇంట్రాన్లను కత్తిరించి ఎక్సాన్లను అతికిస్తేనే గొలుసు తయారీకి పనికివచ్చే సందేశ ఆర్.ఎన్.ఎ. వస్తుంది. ఎక్కడ కత్తిరించాలో కణానికి తెలిపే గుర్తు ఇంట్రాన్ మొదట్లోనే ఉంటుంది. మొదటి ఇంట్రాన్ ఆరంభంలో ఉండే ఆరు క్షారాలు ఇవి:

GTTGGT

ఐ.వి.ఎస్. 1-5లో అయిదో స్థానంలోని జి స్థానే సి వస్తుంది:

GTTGCT

గొలుసులోని అమైనో ఆమ్లాల వరుస దీనివల్ల మారలేదని గమనించండి. మారింది కత్తిరింపు గుర్తు. గుర్తు బలహీనపడడంతో కణయంత్రాంగం చాలాసార్లు దగ్గరలో ఉన్న, మామూలుగా వాడని ఇతర చోట్ల కత్తిరిస్తుంది. అలా వచ్చిన సందేశం పనికిరాదు. కొద్దిసార్లు మాత్రం సరైన చోటే కత్తిరింపు జరుగుతుంది. అందుకే ఈ జన్యువు నుంచి కొద్దిపాటి మంచి బీటా గొలుసు వస్తుంది. ఇలా కొంత గొలుసు తయారయ్యే ఉత్పరివర్తనాలను బీటా ప్లస్ అంటారు. ఐ.వి.ఎస్. 1-5 బీటా ప్లస్ రకానికి చెందినదే అయినా, తయారీ మరీ తక్కువ కావడంతో దానిని తీవ్రమైన వాటిలో చేరుస్తారు.

ఇదే గుర్తులో మొదటి స్థానంలోని జి మారి టి అయితే సరైన కత్తిరింపు అసలు జరగదు. అది ఐ.వి.ఎస్. 1-1. అక్కడి నుంచి బీటా గొలుసు ఏమాత్రం రాదు. ఇటువంటి వాటిని బీటా జీరో అంటారు. నాలుగు స్థానాల దూరంలో జరిగిన మార్పు రోగికి ఎంత తేడా తెస్తుందో చూడండి. జన్యువులో ఒక ముక్కే ఊడిపోయిన 619 క్షార జతల లోపం, 8/9 కోడాన్ల వద్ద ఒక జి అదనంగా చేరడం కూడా మన దేశంలో తరచుగా కనిపించే బీటా జీరో రకాలే.

మీ అవగాహనను పరీక్షించుకోండి - 1
ఐ.వి.ఎస్. 1-5 ఉన్న జన్యువు నుంచి తయారైన బీటా గొలుసులో అమైనో ఆమ్లాల వరుస మామూలుగానే ఉంటుంది. అయినా అది వ్యాధిని ఎందుకు కలిగిస్తుంది?

9.4 హాని చేసేది మిగిలిన గొలుసు

బీటా గొలుసులు తగ్గితే హీమోగ్లోబిన్ తగ్గుతుంది, రక్తహీనత వస్తుంది. ఇది నిజమే, కానీ సగం నిజమే. హీమోగ్లోబిన్ తగ్గడమే సమస్య అయితే కణాలు చిన్నగా, పాలిపోయి ఉండేవి, అంతటితో ఆగేది. తలసీమియా మేజర్‌లో కణాలు మజ్జ దాటి బయటికి రాకముందే చనిపోతాయి. దానికి కారణం జత దొరకని ఆల్ఫా గొలుసులు.

బీటా తగ్గినంత మాత్రాన ఆల్ఫా తయారీ తగ్గదు. మిగిలిపోయిన ఆల్ఫా గొలుసులు కరిగి ఉండలేవు. అవి ఎర్ర కణానికి పూర్వ రూపమైన ఎరిత్రోబ్లాస్ట్‌లో అవక్షేపంగా పేరుకుంటాయి. వాటిలోని హీమ్, ఇనుము ఆక్సీకరణను ప్రేరేపించి కణత్వచాన్ని దెబ్బతీస్తాయి. దాంతో చాలా కణాలు మజ్జలోనే నశిస్తాయి. మజ్జ విపరీతంగా శ్రమిస్తుంది, కాని పనికివచ్చే ఎర్ర కణాలు రక్తంలోకి చాలా తక్కువే చేరతాయి. దీనిని ఫలరహిత రక్తకణోత్పత్తి అంటారు. బయటపడిన కణాలు కూడా ఎక్కువ కాలం నిలవవు, వాటిని ప్లీహం తొలగిస్తుంది.

ఈ ఒక్క మూలం నుంచే మిగిలిన లక్షణాలన్నీ వస్తాయి. ఎంత తయారుచేసినా చాలక మజ్జ విస్తరిస్తుంది. దాంతో నుదుటి, దవడ ఎముకలు పొడుచుకు వస్తాయి, ఎముకలు పలచబడతాయి. ప్లీహం పెరిగి పొట్ట ఉబ్బుతుంది. విస్తరించిన మజ్జ నుంచి వెలువడే సంకేతాలు కాలేయంలో హెప్సిడిన్ అనే హార్మోన్ తయారీని తగ్గిస్తాయి. హెప్సిడిన్ తగ్గితే పేగు అవసరానికి మించి ఇనుమును పీల్చుకుంటుంది. అంటే, రక్తం ఎప్పుడూ ఎక్కించుకోని రోగికి కూడా ఏళ్ళు గడిచేకొద్దీ శరీరంలో ఇనుము పేరుకుపోతుంది. ఈ విషయం మళ్ళీ 9.8లో అవసరమవుతుంది.

ఆల్ఫా గొలుసులు తగ్గిన ఆల్ఫా తలసీమియాలో పరిస్థితి తారుమారు అవుతుంది, బీటా గొలుసులు మిగులుతాయి. కాని నాలుగు బీటా గొలుసులు కలిసి హీమోగ్లోబిన్ హెచ్ అనే రూపంలో కొంతకాలం కరిగి ఉండగలవు. అందుకే మజ్జలో నష్టం అంత తీవ్రంగా ఉండదు. రెండు వ్యాధులలోనూ గొలుసుల సమతౌల్యమే చెడింది, అయినా మిగిలిన గొలుసు స్వభావాన్ని బట్టి ఫలితం వేరయింది.

9.5 తీవ్రతను నిర్ణయించే మూడు అంశాలు

ఇప్పుడు ఒక నిష్పత్తిని గుర్తుంచుకోండి: ఆల్ఫా గొలుసులకూ, వాటికి జతకాగల బీటా, గామా గొలుసుల మొత్తానికీ ఉన్న నిష్పత్తి. ఆరోగ్యవంతులలో ఇది దాదాపు 1. ఇది పెరిగేకొద్దీ వ్యాధి తీవ్రమవుతుంది. దీనిని మార్చగల అంశాలు ముఖ్యంగా మూడు.

మొదటిది, బీటా జన్యువులోని ఉత్పరివర్తనం రకం. రెండు జన్యువులూ బీటా జీరో అయితే బీటా అసలే ఉండదు. తేలికపాటి బీటా ప్లస్ ఒకటైనా ఉంటే కొంత ఉంటుంది.

రెండోది, ఆల్ఫా జన్యువుల సంఖ్య. బీటా తక్కువగా ఉన్న వ్యక్తిలో ఒకటో రెండో ఆల్ఫా జన్యువులు కూడా లోపించి ఉంటే, మిగిలే ఆల్ఫా గొలుసులు తగ్గుతాయి. రెండు లోపాలు కలిస్తే జబ్బు పెరగాలి కదా అని మనకు తోస్తుంది. ఇక్కడ అది తగ్గుతుంది.

మూడోది, గామా గొలుసు. కొందరిలో పుట్టిన తరవాత కూడా గామా తయారీ కొంత కొనసాగుతుంది. ఆ గామా గొలుసులు మిగిలిన ఆల్ఫాతో జత కట్టి నష్టాన్ని తగ్గిస్తాయి. గామాను అణచి ఉంచే ప్రోటీన్లలో ముఖ్యమైనది బి.సి.ఎల్.11ఎ. దాని జన్యువు 2వ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ జన్యువు పరిసరాల్లో ఉండే వైవిధ్యాలను బట్టి ఒక్కొక్కరిలో గామా పరిమాణం మారుతుంది. 6వ క్రోమోజోమ్ మీద మరొక చోటు, 11వ క్రోమోజోమ్ మీద గామా జన్యువుకు ముందున్న ఒక స్థానం కూడా ఇటువంటి ప్రభావం చూపుతాయి.

మూడో అంశం ఎంత బలమైనదో ఒక చికిత్స రుజువు చేసింది. 2023 నవంబరులో బ్రిటన్ అనుమతించిన క్రిస్పర్ చికిత్సలో చెడిపోయిన బీటా జన్యువును ఎవరూ బాగుచేయరు. రోగి మూలకణాలలో బి.సి.ఎల్.11ఎ. తయారీని ఎర్ర కణాల వరకు తగ్గిస్తారు, అంతే. అణచివేత సడలి గామా పెరుగుతుంది. చికిత్స పొందినవారిలో ఎక్కువమందికి రక్తం ఎక్కించే అవసరం తప్పింది.

9.6 ఆల్ఫా వైపు: గోదావరి ఏజెన్సీ నుంచి ఒక పాఠం

రెండో అంశం మనకు దూరపు సంగతి కాదు. కోయ దొరలలో కనుగొన్న ఒక అరుదైన హీమోగ్లోబిన్‌కు శాస్త్రవేత్తలు వారి పేరే పెట్టారు. హీమోగ్లోబిన్ కోయ దొర గురించిన పరిశోధన 1975లో వెలువడింది.

ఆల్ఫా గొలుసులో 141 అమైనో ఆమ్లాలు ఉంటాయి. తరవాతి సంకేతం TAA, అంటే ఆర్.ఎన్.ఎ.లో UAA. అది ‘ఇక్కడ ఆగు’ అని చెప్పే సమాప్తి సంకేతం. హీమోగ్లోబిన్ కోయ దొరలో ఈ TAA మారి TCA అయింది. అది సెరీన్ అనే అమైనో ఆమ్లానికి సంకేతం. ఆగవలసిన చోట ఆగక, తరవాతి సమాప్తి సంకేతం దొరికేదాకా గొలుసు మరో 31 అమైనో ఆమ్లాలు పెరిగి 172 అవుతుంది. పొడవైన గొలుసు ఉంది కదా, లోపం ఎక్కడిది అనుకోవచ్చు. చదవకూడని భాగంలోకి చదువు సాగడంతో ఆ సందేశ ఆర్.ఎన్.ఎ. నిలకడ కోల్పోయి త్వరగా నశిస్తుంది. అందుచేత తయారయ్యే గొలుసులు చాలా తక్కువ. ఫలితం ఒక ఆల్ఫా జన్యువు లోపించినట్టే ఉంటుంది.

ఇటువంటి అరుదైన మార్పే కాక, ఒక ఆల్ఫా జన్యువు ఊడిపోయిన క్రోమోజోమ్‌లు కూడా ఆంధ్రప్రదేశ్ గిరిజన సముదాయాలలో ఎక్కువగా ఉన్నట్టు 1980ల చివర జరిగిన అధ్యయనాలు చూపాయి. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాలలో ఈ లోపం ఉన్నవారికి కొంత రక్షణ లభించడం దీనికి కారణమని భావిస్తారు. మైదాన ప్రాంతాల ప్రజలలోనూ ఇది అరుదు కాదు. ఒక జన్యువు మాత్రమే లోపించినవారికి ఏ ఇబ్బందీ ఉండదు. అందువల్ల అది ఎవరి దృష్టికీ రాదు. బీటా తలసీమియా ఉన్న కుటుంబంలోకి వచ్చినప్పుడే దాని ప్రభావం బయటపడుతుంది.

9.7 ఒక కుటుంబం: లెక్క కట్టి చూద్దాం

కింది కుటుంబాన్ని బోధన కోసం కూర్చాం. తండ్రి, తల్లి మేనరికం చేసుకున్నవారు. ఇద్దరూ ఐ.వి.ఎస్. 1-5 వాహకులు. భారతదేశంలో బీటా తలసీమియా వాహకులు సుమారు 3 నుంచి 4 శాతం అని అంచనా. పరిచయం లేని కుటుంబం నుంచి సంబంధం చేసుకుంటే, ఒకరు వాహకులైనప్పుడు రెండోవారు కూడా వాహకులయ్యే అవకాశం ఇంచుమించు అంతే. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళి అయితే, ఉమ్మడి తాత లేదా అమ్మమ్మ నుంచి అదే జన్యువు రెండోవారికి కూడా వచ్చి ఉండే అవకాశం 8లో 1. సొంత మేనమామతో పెళ్ళి అయితే 4లో 1. పైగా ఇలా వచ్చిన రెండు కాపీలూ ఒకే ఉత్పరివర్తనం కావడంతో పిల్లలు దానికి సమయుగ్మజులవుతారు.

ఈ దంపతులకు ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ రెండు బీటా జన్యువులలోనూ ఐ.వి.ఎస్. 1-5 ఉంది. పెద్దవాడికి 8 నెలల వయసు నుంచి మూడు నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కిస్తున్నారు. చిన్నమ్మాయికి అయిదేళ్ళు వచ్చాయి. హీమోగ్లోబిన్ 8 గ్రాముల దగ్గర నిలకడగా ఉంది, ఎదుగుదల ఫరవాలేదు, ఇంతవరకు రక్తం ఎక్కించలేదు. ఒకే జన్యు నివేదిక, రెండు రకాల బతుకులు.

ఇక లెక్క. ఒక్కో ఆల్ఫా జన్యువు 25 ప్రమాణాలు, ఒక్కో మామూలు బీటా జన్యువు 50 ప్రమాణాలు, ఐ.వి.ఎస్. 1-5 ఉన్న బీటా జన్యువు 5 ప్రమాణాలు గొలుసులు తయారుచేస్తాయని అనుకుందాం.

తండ్రి: ఆల్ఫా జన్యువులు నాలుగు, కాబట్టి 100. బీటా 50 + 5 = 55. నిష్పత్తి 100 ÷ 55 = 1.8. ఈ మిగులును కణంలోని ప్రోటీన్ విచ్ఛేదన వ్యవస్థ తొలగించగలదు. అందుకే వాహకుడికి జబ్బు లేదు.

పెద్ద కొడుకు: ఆల్ఫా 100. బీటా 5 + 5 = 10. గామా 5 అనుకుందాం. నిష్పత్తి 100 ÷ 15 = 6.7. విచ్ఛేదన వ్యవస్థకు ఇది మించిన భారం.

చిన్న కూతురు: తల్లికి ఒక ఆల్ఫా జన్యువు లోపించి, మూడే ఉన్నాయి. లోపం ఉన్న 16వ క్రోమోజోమ్ కూతురికి వచ్చింది, కొడుకుకు రాలేదు. కాబట్టి కూతురి ఆల్ఫా 75. బీటా 10. బి.సి.ఎల్.11ఎ. దగ్గర గామాను పెంచే వైవిధ్యం కూడా ఆమెకు రావడంతో గామా 20. నిష్పత్తి 75 ÷ 30 = 2.5.

అన్నకు 6.7, చెల్లెలికి 2.5. మొదటిది తలసీమియా మేజర్, రెండోది తలసీమియా ఇంటర్మీడియా. ఇద్దరిలో బీటా తయారీ ఒక్కటే. తేడా వచ్చింది 16వ, 2వ క్రోమోజోమ్‌ల నుంచి. ఇవి 11వ క్రోమోజోమ్‌తో సంబంధం లేకుండా స్వతంత్రంగా పంచబడతాయి. అందుకే ఒకే తల్లిదండ్రుల పిల్లలలో ఇంత తేడా సాధ్యమైంది. 11వ క్రోమోజోమ్ మీదున్న గామా స్థానం మాత్రం ఇక్కడ తేడాకు కారణం కాదు. అది బీటా జన్యువు పక్కనే ఉండి దానితో కలిసే సంక్రమిస్తుంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ అవే రెండు ముక్కలు పొందారు.

ఇదే లెక్క వ్యతిరేక దిశలోనూ పని చేస్తుంది. కొందరికి ఒక 16వ క్రోమోజోమ్ మీద రెండుకు బదులు మూడు ఆల్ఫా జన్యువులు ఉంటాయి. అలాంటివారు బీటా వాహకులు కూడా అయితే ఆల్ఫా 125, బీటా 55, నిష్పత్తి 2.3. ఒక బీటా జన్యువు పూర్తిగా మామూలుగా ఉన్నా ఇంటర్మీడియా లక్షణాలు కనిపించవచ్చు. తల్లిదండ్రులలో ఒకరే వాహకులై ఉండి బిడ్డకు రక్తహీనత ఎందుకు వచ్చిందో తెలియనప్పుడు ఆల్ఫా జన్యువులను లెక్కించి చూడాలి.

ఈ ప్రమాణాలు అవగాహన కోసం వేసుకున్నవి. ఆల్ఫా జన్యువులు రెండూ సమానంగా పని చేయవు, గామా మొత్తం వయసుతో మారుతుంది. కాబట్టి ఈ నిష్పత్తి తీవ్రత ఏ దిశలో పోతుందో చెబుతుంది కాని, ఫలానా బిడ్డకు ఫలానా వయసులో రక్తం కావాలని చెప్పలేదు. దానిని నిర్ణయించేది ఎదుగుదల, ఎముకల మార్పు, ప్లీహం పరిమాణం, కొన్ని వారాల తేడాతో మళ్ళీమళ్ళీ చూసిన హీమోగ్లోబిన్ విలువ. జ్వరంలో ఒకసారి పడిపోయిన విలువను చూసి ఇంటర్మీడియా బిడ్డను జీవితాంతం రక్తం ఎక్కించే దారిలో పెట్టడం పొరబాటు. ముఖం ఎముకలు మారుతున్నా, ఎదుగుదల ఆగినా, హీమోగ్లోబిన్ 7 ఉంది కదా అని ఆగడం కూడా అంతే పొరబాటు.

రక్తం ఎక్కించే నిర్ణయం తేలికైనది కాదు. ఒక్కో యూనిట్ రక్తంతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము శరీరంలో చేరుతుంది. శరీరం రోజుకు విసర్జించగలిగేది దాదాపు 1 మిల్లీగ్రామే. అందుకే అన్నకు రక్తంతో పాటు ఇనుమును బయటికి పంపే మందులు తప్పవు. ఇనుము గుండెలో, కాలేయంలో, అంతస్స్రావ గ్రంథులలో పేరుకుని ప్రాణం మీదికి తెస్తుంది. చెల్లెలికి ఈ ప్రమాదం నెమ్మదిగా వస్తుంది, కాని 9.4లో చెప్పిన కారణంగా వస్తుంది. ఆమెకూ ఏటా ఇనుము నిల్వలు చూడాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి - 2
ఈ దంపతులకు మూడో బిడ్డ కలిగితే, ఆ బిడ్డ రెండు బీటా జన్యువులలోనూ ఐ.వి.ఎస్. 1-5 కలిగి, తల్లి నుంచి ఆల్ఫా లోపాన్ని కూడా పొందే సంభావ్యత ఎంత?

9.8 వాహకుల్ని గుర్తించడం, పొరబడే చోట్లు

ఒక వాహకురాలి రక్త పరీక్షలో ఇలా ఉందనుకోండి: హీమోగ్లోబిన్ 11.2 గ్రాములు, ఎర్ర కణాలు ఘన మిల్లీమీటరుకు 59 లక్షలు, కణ సగటు పరిమాణం, అంటే ఎం.సి.వి., 63 ఫెమ్టోలీటర్లు. మామూలు ఎం.సి.వి. 80కి పైన ఉంటుంది. హీమోగ్లోబిన్ కొంచెం తక్కువ, కణాలు చాలా చిన్నవి, కాని వాటి సంఖ్య ఎక్కువ. ఇదే ఆనవాలు. ఇనుము లోపంలో కణాలు చిన్నవి కావడంతో పాటు సంఖ్య కూడా తగ్గుతుంది. ఎం.సి.వి.ని మిలియన్లలో చెప్పిన కణ సంఖ్యతో భాగిస్తే 63 ÷ 5.9 = 10.7. ఈ విలువ 13 కంటే తక్కువ ఉంటే తలసీమియా వాహకత్వాన్ని, ఎక్కువ ఉంటే ఇనుము లోపాన్ని అనుమానించాలి. ఇది అనుమానమే, నిర్ధారణ కాదు.

నిర్ధారణకు హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్షలో హీమోగ్లోబిన్ ఎ2 శాతాన్ని చూస్తారు. అది 3.5 కంటే ఎక్కువ ఉంటే సాధారణంగా బీటా వాహకులే. ఇక్కడ మూడు చోట్ల పొరబాటు జరుగుతుంది. తీవ్రమైన ఇనుము లోపం ఎ2ను కొంత తగ్గించి, వాహకత్వాన్ని కప్పిపెట్టవచ్చు. ఆల్ఫా లోపం కూడా ఉన్న వాహకులలో ఎం.సి.వి. మామూలుకు దగ్గరగా ఉండవచ్చు, కాబట్టి దానినే నమ్ముకోకూడదు. రక్తం ఎక్కించిన తరవాత బిడ్డకు ఈ పరీక్ష చేస్తే దాత రక్తం కలిసి ఫలితం తప్పుతుంది, కాబట్టి మొదటి నమూనా ముందే తీసి ఉంచాలి.

చిన్న కణాలు కనబడగానే ఇనుము లోపమని నెలల తరబడి ఐరన్ మాత్రలు ఇవ్వడం తరచుగా జరిగే తప్పు. వాహకురాలికి నిజంగా ఇనుము లోపం కూడా ఉంటే మాత్రలు అవసరమే. కాని ఫెరిటిన్ చూడకుండా కొనసాగిస్తే ఎం.సి.వి. మారదు. ఇంటర్మీడియా ఉన్నవారికైతే అసలే పేరుకుంటున్న ఇనుముకు మరింత చేర్చినట్టవుతుంది.

భార్యాభర్తలిద్దరూ వాహకులని తేలితే, ఇద్దరి ఉత్పరివర్తనాలనూ ముందుగా గుర్తించి, గర్భం 10 నుంచి 12 వారాల మధ్య ఉన్నప్పుడు గర్భస్థ శిశువు జన్యువులను పరీక్షించవచ్చు. ఆ పరీక్ష బిడ్డకు బీటా జన్యువులు ఏవి వచ్చాయో కచ్చితంగా చెబుతుంది. బిడ్డ అన్నలా ఉంటుందా, చెల్లెలిలా ఉంటుందా అన్నది అంత కచ్చితంగా చెప్పలేదు. ఆల్ఫా సంఖ్య, గామా వైవిధ్యాలు చూస్తే అంచనా మెరుగుపడుతుంది, అంతే. సలహా ఇచ్చేవారు ఈ పరిమితిని దంపతులకు దాచకుండా చెప్పాలి.

9.9 సారాంశం

గ్లోబిన్ జన్యువులలోని మార్పు ఒక గొలుసు తయారీని తగ్గిస్తుంది. దాంతో జత దొరకని రెండో గొలుసు మిగులుతుంది. బీటా తలసీమియాలో మిగిలిన ఆల్ఫా గొలుసులు మజ్జలోనే కణాలను చంపుతాయి. కాబట్టి వ్యాధి తీవ్రత బీటా ఉత్పరివర్తనం మీద మాత్రమే ఆధారపడదు. ఆల్ఫా జన్యువుల సంఖ్య, పుట్టిన తరవాత మిగిలిన గామా తయారీ కూడా దానిని నిర్ణయిస్తాయి. ఇవి వేరువేరు క్రోమోజోమ్‌ల మీద ఉండడంతో ఒకే ఇంటిలో మేజర్, ఇంటర్మీడియా రెండూ కనిపించగలవు.

9.10 మీ అవగాహనను పరీక్షించుకోండి: జవాబులు

1. మార్పు కత్తిరింపు గుర్తులో జరిగింది. తయారైన కొద్ది గొలుసులు మామూలువే, కాని వాటి పరిమాణం చాలా తక్కువ. తలసీమియా ప్రధానంగా పరిమాణంలో లోపం.
2. రెండు బీటా జన్యువులూ రావడానికి 1/4, ఆల్ఫా లోపం రావడానికి 1/2. ఇవి స్వతంత్రం కాబట్టి 1/4 × 1/2 = 1/8.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. బీటా తలసీమియాలో ఫలరహిత రక్తకణోత్పత్తి ఎలా జరుగుతుందో, దాని పర్యవసానాలేమిటో వివరించండి.
2. ఒకే బీటా ఉత్పరివర్తనం ఉన్నవారిలో తీవ్రత మారడానికి కారణాలను ఉదాహరణతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. హీమోగ్లోబిన్ కోయ దొరలో గొలుసు పొడవు పెరిగినా ఆల్ఫా లోపం ఎందుకు కలుగుతుంది?
2. ఆరు ఆల్ఫా జన్యువులున్న బీటా వాహకుడిలో గొలుసుల నిష్పత్తిని 9.7లోని ప్రమాణాలతో లెక్క కట్టండి.
3. తలసీమియా వాహకత్వానికీ ఇనుము లోపానికీ రక్త పరీక్షలో తేడాలు రాయండి.